మెయింటెనెన్స్ సొమ్ముపై సహకార శాఖకు ఫిర్యాదు: లేఖలో ఏముండాలి, ఏముండకూడదు

అపార్ట్‌మెంట్ కమిటీ మెయింటెనెన్స్ సొమ్మును దుర్వినియోగం చేసిందని అనుమానం వస్తే ఫ్లాట్ల యజమానులు ముందు చూడాల్సింది సంఘం రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్. తెలుగు రాష్ట్రాల్లో ఇలాంటి సంఘాలు ప్రధానంగా మూడు చట్టాల కింద నమోదవుతుంటాయి. మొదటిది 1964 నాటి సహకార సంఘాల చట్టం. రెండోది 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం, వాడుకలో మ్యాక్స్ చట్టం. మూడోది 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం. మొదటి రెండింటి కింద ఉన్న సంఘాలు సహకార శాఖ పరిధిలోకి వస్తాయి. మూడోదాని కింద ఉన్నవి రిజిస్ట్రేషన్ శాఖ చేతిలో ఉంటాయి. చాలా ఓనర్స్ అసోసియేషన్లు ఈ మూడో రకానివే. అలాంటి సంఘం మీద సహకార రిజిస్ట్రార్‌కు ఎంత పకడ్బందీగా రాసినా, తమ పరిధి కాదన్న జవాబుతో లేఖ తిరిగి వస్తుంది. 1964 చట్టం కింద నమోదైన సంఘం విషయంలో ఏం చేయాలన్నది ఇక్కడి విషయం.

ఈ చట్టంలోని 51వ సెక్షన్ సంఘం నిర్వహణపైన, ఆర్థిక పరిస్థితిపైన విచారణ జరిపే అధికారాన్ని రిజిస్ట్రార్‌కు ఇచ్చింది. రిజిస్ట్రార్ తనంతట తానుగా విచారణకు పూనుకోవచ్చు. మొత్తం సభ్యుల్లో ఐదో వంతుకు తగ్గకుండా దరఖాస్తు చేసినా విచారణ కోరవచ్చు. అరవై మంది సభ్యులున్న సంఘంలో కనీసం 12 సంతకాలు కావాలన్నమాట. సంతకం చేసేవారు సభ్యుల రిజిస్టరులో పేరున్నవారై ఉండాలి. అద్దెకున్నవారి సంతకం లెక్కలోకి రాదు. ఫ్లాటు భార్య పేరున ఉంటే భర్త సంతకం చెల్లకపోవచ్చు. అందుకే నాలుగైదు సంతకాలు ఎక్కువ తీసుకుని, ప్రతి సంతకం పక్కన ఫ్లాటు నంబరు, సభ్యత్వ నంబరు రాస్తే పరిశీలనలో కొన్ని పోయినా దరఖాస్తు నిలుస్తుంది.

లేఖ రాయడానికి ముందు కమిటీని రికార్డులు అడగాలి. జమాఖర్చుల పట్టిక, ఆడిట్ నివేదిక, బ్యాంకు స్టేట్‌మెంటు, వోచర్లు, సర్వసభ్య సమావేశం మినిట్స్ పుస్తకం చూపమని కార్యదర్శికి రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి, కాపీ మీద అందినట్టు సంతకం, తేదీ తీసుకోవాలి. సంతకం పెట్టనంటే అదే అర్జీని రశీదు వచ్చే పోస్టులో పంపాలి. కమిటీ రికార్డులు చూపితే అవే ఆధారాలవుతాయి. చూపకపోతే, ఫలానా తేదీన అడిగినా ఇవ్వలేదన్నది లేఖలో ఒక అంశమవుతుంది. ఆడిట్ నివేదిక కాపీ సహకార శాఖ కార్యాలయంలో ఉంటే అక్కడ సమాచార హక్కు చట్టం కింద అడిగే వీలుంది. సహకార సంఘాలు మామూలుగా ఈ చట్టం పరిధిలోకి రావని సుప్రీంకోర్టు 2013లో చెప్పింది. కానీ రిజిస్ట్రార్ దగ్గరున్న, చట్టప్రకారం ఆయన తెప్పించుకోగల సమాచారాన్ని అడగడానికి ఆ తీర్పు అడ్డు కాదు.

రికార్డులు చేతికొచ్చాక ఒక్కో పద్దును దానికి సంబంధించిన మరో ఆధారంతో సరిచూడాలి. డీజిల్ పద్దును ఉదాహరణగా తీసుకుందాం. ఒక అపార్ట్‌మెంటులో 62.5 కేవీఏ జనరేటరు ఉందనుకుందాం. ఏడాదిలో 3,000 లీటర్ల డీజిల్ కొన్నట్టు బిల్లులున్నాయి. జనరేటరు ప్యానెల్ మీద అది నడిచిన గంటలను చూపే అవర్ మీటరు ఉంటుంది. సర్వీసు చేసిన మెకానిక్ ప్రతిసారీ ఆ అంకెను తన జాబ్ షీటులో రాస్తాడు. ఏడాది మొదట్లో జాబ్ షీటులో 1,840, చివర్లో 1,960 ఉన్నాయి. అంటే జనరేటరు నడిచింది 120 గంటలు. పూర్తి లోడు మీద గంటకు సుమారు 14 లీటర్లు తాగుతుందని తయారీదారు పుస్తకంలో ఉందనుకుంటే, ఎంత ఎక్కువ వేసుకున్నా 1,680 లీటర్లకు మించదు. తక్కిన 1,320 లీటర్లకు లెక్క కావాలి. లీటరు 95 రూపాయల చొప్పున దాని విలువ 1,25,400 రూపాయలు.

ఇంతవరకు తేలినది తేడా మాత్రమే. దొంగతనం తేలలేదు. అవర్ మీటరు కొన్నాళ్లు పనిచేయకపోయి ఉండవచ్చు, డీజిల్ డ్రమ్ముల్లో నిల్వ ఉండవచ్చు, మెకానిక్ అంకె తప్పు రాసి ఉండవచ్చు. అందువల్ల లేఖలో ‘కమిటీ డీజిల్ డబ్బు మింగేసింది’ అని రాయకూడదు. రాయాల్సింది ఇలా ఉంటుంది: ‘బిల్లుల ప్రకారం కొన్న డీజిల్ 3,000 లీటర్లు. జాబ్ షీట్ల ప్రకారం జనరేటరు నడిచినది 120 గంటలు. పూర్తి లోడు లెక్కన గరిష్ఠ వినియోగం 1,680 లీటర్లు. మిగతా 1,320 లీటర్లకు స్టాకు రిజిస్టరు, లాగ్ బుక్ చూపమని ఫలానా తేదీన రాతపూర్వకంగా అడిగాం. నేటికీ చూపలేదు.’ ఒక్కో వాక్యం కింద జతచేసిన కాగితం నంబరు వేస్తే విచారణాధికారి దాన్ని వెంటనే తీసి చూసుకోగలడు.

పద్ధతి తప్పడం, సొమ్ము పోవడం వేర్వేరు సంగతులు. ఇదే అపార్ట్‌మెంటులో 4,80,000 రూపాయలతో రంగులు వేయించారనుకుందాం. యాభై వేలు దాటిన పనికి మూడు కొటేషన్లు, సర్వసభ్య సమావేశం ఆమోదం ఉండాలని సంఘం బైలాలు చెబుతున్నాయి. మినిట్స్ పుస్తకంలో ఆ తీర్మానం లేదు, ఫైలులో ఒక్కటే కొటేషన్ ఉంది. ఇది బైలాల ఉల్లంఘన. గోడలకు రంగులు కనిపిస్తూనే ఉన్నాయి కాబట్టి డబ్బంతా కాజేశారనడానికి ఆధారం లేదు. లేఖలో దీన్ని ఉల్లంఘనగానే రాయాలి. ఇక లాన్ మీద కాకుండా సీసీ కెమెరాల మీద ఖర్చు చేయాల్సిందన్న అభిప్రాయభేదం ఫిర్యాదు కిందకే రాదు. దానికి చోటు సర్వసభ్య సమావేశం.

మాటల్లో ఈ జాగ్రత్తకు చట్టపరమైన కారణం కూడా ఉంది. అధికారం ఉన్న వ్యక్తికి సదుద్దేశంతో చేసిన ఫిర్యాదు పరువునష్టం కిందకు రాదని భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్‌లోని మినహాయింపు చెబుతోంది. అదే ఆరోపణను అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పెడితే ఆ రక్షణ ఉండకపోవచ్చు. కమిటీ సభ్యుల ఇంటి విషయాలు, కులం, పాత గొడవలు లేఖలో చేరితే ఫిర్యాదుదారుల ఉద్దేశం మీదే ప్రశ్న వస్తుంది.

లేఖ రెండు మూడు పేజీలు మించనక్కర్లేదు. పైన సంఘం పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, 51వ సెక్షన్ కింద దరఖాస్తు అన్న విషయం. తర్వాత తేదీల వరుసలో అంశాలు. చివర కోరుతున్నది స్పష్టంగా: ఫలానా ఆర్థిక సంవత్సరం ఖాతాలపై విచారణ, రికార్డులను భద్రపరిచేలా ఆదేశం. దీన్ని జిల్లా సహకార అధికారి కార్యాలయంలో ఇచ్చి, ఇన్‌వార్డు నంబరు తీసుకోవాలి. అసలు కాగితాలు ఇవ్వకుండా నకళ్లే జతచేయాలి. విచారణ తేలేవరకు మెయింటెనెన్స్ కట్టడం మానేస్తే ఫిర్యాదుదారులే బకాయిదారులై కమిటీకి జవాబు దొరుకుతుంది.

విచారణాధికారి ఇరుపక్షాలనూ పిలిచి, రికార్డులు తెప్పించుకుని నివేదిక ఇస్తారు. సొమ్ము కాజేసినట్టో, చట్టానికి, బైలాలకు విరుద్ధంగా చెల్లించినట్టో తేలితే, సంబంధితుల వాదన విన్నాక దాన్ని వడ్డీతో సహా సంఘానికి కట్టాలని 60వ సెక్షన్ కింద ఆదేశించవచ్చు. దీన్నే సర్‌చార్జి ఉత్తర్వు అంటారు. దానిపై సహకార ట్రైబ్యునల్‌కు అప్పీలుకు వెళ్లే అవకాశం కమిటీ సభ్యులకు ఉంటుంది. సర్‌చార్జి ఉత్తర్వుతో జరిగేది డబ్బు సంఘానికి రాబట్టడం వరకే. దొంగ బిల్లులు సృష్టించారని విచారణలో బయటపడితే, శిక్ష కోసం పోలీసులకు విడిగా ఫిర్యాదు చేయాల్సిందే.