ఖాతా మారిందని లేఖ వస్తే...

‘మా ఖాతా మారింది, ఇకపై డబ్బు దీనికే పంపండి’ అని ముక్తసరిగా రాస్తే, అది అసలుదో నకిలీదో డబ్బు చెల్లించేవారికి తేలదు. మోసగాళ్లూ అలాగే రాస్తారు. అందుకే లేఖలో మార్పునకు కారణం, అమలు తేదీ, పాత ఖాతా చివరి నాలుగు అంకెలు, కొత్త బ్యాంకు, శాఖ, ఐఎఫ్‌ఎస్‌సీ స్పష్టంగా ఉండాలి. ‘ఈ లేఖలోని నంబరుకు కాదు, మీ పాత బిల్లుల్లో ఉన్న మా నంబరుకు ఫోన్ చేసి నిర్ధారించుకోండి’ అన్న వాక్యం తప్పనిసరి. ఎందుకంటే నకిలీ లేఖలో ఫోన్ నంబరూ మోసగాడిదే.

నెఫ్ట్‌లో జమ అయ్యేది ఖాతా నంబరును బట్టే. మనం రాసిన పేరు తప్పైనా ఆగదు. కాబట్టి పంపేముందు నెట్‌బ్యాంకింగ్‌లో ఖాతాదారు పేరు సరిచూడండి. పేరు కలిసినా ఫోన్ చేయడం మానొద్దు. పొరపాటున పంపితే వెంటనే బ్యాంకుకు, 1930కు చెప్పండి.