సరుకు ఒక్కటే, బిల్లులు రెండు: ఏది ఉంచాలో పార్టీనే అడగాలి

తెనాలిలో ఎలక్ట్రికల్ సామాన్ల కొట్టు ఒకటి ఉందనుకుందాం. విజయవాడ డిస్ట్రిబ్యూటర్ దగ్గర 40 కాయిల్స్ వైరు తెప్పించారు. కాయిల్ 1,500 రూపాయల చొప్పున 60,000. దానిమీద 18 శాతం జీఎస్టీ 10,800. మొత్తం 70,800. సరుకు 26వ తేదీన ఆటో ట్రాలీలో వచ్చింది, దాంతో పాటే 417 నంబరు బిల్లూ వచ్చింది. రెండు రోజుల తరవాత వాట్సాప్‌లో మరో బిల్లు దిగింది. అదే వైరు, అవే 40 కాయిల్స్, అదే మొత్తం. నంబరు మాత్రం 431, తేదీ 28.

కొట్లో లెక్కలు రాసే అమ్మాయి చూసింది. వెంటనే ఫోన్ తీసి ఇలా టైపు చేసింది:

“సార్, మీ బిల్లు డూప్లికేట్ వచ్చింది. ఒకటి క్యాన్సిల్ చేయండి.”

పంపేదే, కానీ యజమాని చదివి ఆపాడు. ఈ మెసేజ్ అందుకునే మనిషి పొద్దుట్నుంచి సాయంత్రం దాకా బిల్లులు కొడుతూ కూర్చునేవాడు. అతనికి డూప్లికేట్ అంటే తప్పు కాదు, రోజూ తీసే ప్రింటు. సరుకు బిల్లు మూడు కాపీలు తీయాలని జీఎస్టీ నిబంధన. ఒరిజినల్ కొన్నవాళ్లకి, డూప్లికేట్ రవాణా చేసేవాళ్లకి, ట్రిప్లికేట్ అమ్మినవాళ్లకి. “డ్రైవర్ కాపీ పొరపాటున మీ దగ్గరే ఉండిపోయినట్టుంది, చించేయండమ్మా” అని జవాబిచ్చి ఊరుకుంటాడు. ఒకే నంబరుతో కాగితం రెండుసార్లు రావడం నిజంగానే అంత చిన్న సంగతి. రెండు వేరు నంబర్లతో రావడం అలా కాదు. ఒక ఆర్థిక సంవత్సరంలో ఒక నంబరు ఒక్క బిల్లుకే ఉండాలి కాబట్టి 417, 431 అంటే చట్టం దృష్టిలో రెండు అమ్మకాలు. అమ్మినవాడు రెంటికీ పన్ను చూపించాల్సి వస్తుంది. కొన్నవాళ్ల ఖాతాలో 70,800 బాకీ రెండుసార్లు కనిపిస్తుంది.

అందుకని అమ్మాయి తిరగరాసింది. ఈసారి నంబర్లు పెట్టింది:

“సార్, 417, 431 రెండూ ఒకే సరుకువి. మాకు మాల్ 417తో వచ్చింది. 431 క్యాన్సిల్ చేయండి.”

మొదటిదానికంటే ఇది చాలా నయం. తర్కమూ బాగానే ఉంది. సరుకు ఏ బిల్లుతో వచ్చిందో అదే అసలుదని ఎవరైనా అనుకుంటారు. విలువ 50,000 దాటింది కాబట్టి ఈ-వే బిల్లు కూడా ఉంది, అందులోనూ 417 అనే ఉంది. అయినా నా ఉద్దేశంలో ఇది పంపకూడని మెసేజే. ఎందుకంటే రెండో బిల్లు ఎందుకు పుట్టిందో కొన్నవాళ్లకి తెలియదు. ఒక్కోసారి డిస్ట్రిబ్యూటర్ ఆఫీసులో ఇద్దరు మనుషులు ఒకే ఆర్డరుకి చెరో బిల్లు కొడతారు. అప్పుడు ఏది పోయినా ఫర్వాలేదు. కానీ చాలాసార్లు మొదటి బిల్లులో ఏదో తప్పు దొర్లి, దాన్ని సరిదిద్దుతూ రెండోది కొడతారు, మొదటిదాన్ని రద్దు చేయడం మరిచిపోతారు. అప్పుడు ఆలస్యంగా వచ్చిందే సరైన బిల్లు. ఈ-వే బిల్లు మాత్రం పాత నంబరు మీదే నడిచిపోయి ఉంటుంది.

ఇక్కడ జరిగిందీ అదే. రెండు బిల్లులూ పక్కపక్కన పెట్టి పైనుంచి కిందికి చదివితే తేడా దొరికింది. యజమానికీ తమ్ముడికీ ఒకే వీధిలో చెరో కొట్టు, చెరో జీఎస్టీ నంబరు. 417 తమ్ముడి జీఎస్టీ నంబరు మీద ఉంది, 431 అన్నది. సరుకు, రేటు, మొత్తం ఒకటే కావడంతో మొదట ఎవరి కంటికీ ఆనలేదు. ఈ తేడా చూసుకోకుండా “431 క్యాన్సిల్ చేయండి” అని పంపి ఉంటే, అతను అలాగే చేసి ఉంటే, వైరు అన్న కొట్లో, 10,800 పన్ను తమ్ముడి లెక్కలో. అన్నకి ఆ క్రెడిట్ రాదు. తమ్ముడికి కనిపిస్తుంది కానీ సరుకు తనకు అందలేదు కాబట్టి వాడుకునే హక్కు లేదు.

అలాగని “417 తప్పు, అది తీసేయండి” అని తీర్పు చెప్పడం కూడా తొందరే. తమ్ముడు విడిగా ఇదే ఆర్డరు పెట్టి, అతని సరుకు ఇంకా దారిలో ఉండొచ్చు. అప్పుడు రెండూ నిజమైన బిల్లులే. ఏది ఏమిటో తేల్చగలిగింది అమ్మిన పార్టీ మాత్రమే. కొన్నవాళ్లు తమకు కనిపించినవన్నీ చెప్పి, తేల్చమని అడగాలి. మూడోసారి రాసింది ఇలా వచ్చింది:

“నమస్తే అండీ. మీ దగ్గర నుంచి ఒకే వివరాలతో రెండు బిల్లులు వచ్చాయి. 417 (26వ తేదీ), 431 (28వ తేదీ). రెంటిలోనూ 40 కాయిల్స్, రూ. 70,800. మాకు సరుకు 26న ఒక్కసారే, 40 కాయిల్స్ అందింది. ఆ ఈ-వే బిల్లులో 417 ఉంది. కానీ 417లో జీఎస్టీ నంబరు మా తమ్ముడి కొట్టుది, 431లో మాది. ఆర్డరు మేమే ఇచ్చాం. ఈ రెంటిలో ఏది ఉంచుతున్నారు, ఏది రద్దు చేస్తున్నారు? లేక రెండూ వేరువేరు ఆర్డర్లా? రద్దు చేసేదానికి క్రెడిట్ నోట్ ఇస్తారా? మేం రెండూ ఇంకా ఎక్కించలేదు, డబ్బు కట్టలేదు. మీరు జీఎస్టీ వేసేలోపు, 8వ తేదీకి చెప్పగలరు. రెండు బిల్లుల ఫొటోలూ పెడుతున్నాను.”

కాస్త పొడుగైంది. కానీ ఇందులో నింద లేదు, వృథా వాక్యమూ లేదు. “ఇంకా ఎక్కించలేదు, డబ్బు కట్టలేదు” అన్న మాట అవతలివాడికి చాలా అవసరం. ఒకదానికి అప్పటికే డబ్బు కట్టి ఉంటే, ఆ జమని రెండో బిల్లుకి మార్చుకోవడం అతనికి ఇంకో పని.

8వ తేదీ అని పెట్టడానికీ కారణం ఉంది. నెలనెలా రిటర్ను వేసే వ్యాపారి ఆ నెల అమ్మకాల జాబితాని, అంటే జీఎస్టీఆర్-1ని, తర్వాతి నెల 11వ తేదీలోపు వేయాలి. ఆలోపు తెలిస్తే మామూలు బిల్లుని రద్దయినట్టు చూపించి జాబితాలోంచి వదిలేయొచ్చు. రిటర్ను పడ్డాక ఆ బిల్లు ఉండిపోతుంది, దానికి ఎదురుగా క్రెడిట్ నోట్ ఇవ్వాలి. పెద్ద డిస్ట్రిబ్యూటర్ అయితే మరో చిక్కు. టర్నోవరు 5 కోట్లు దాటినవాళ్ల బిల్లులు ఈ-ఇన్‌వాయిస్ పోర్టల్‌లో నమోదవుతాయి. అక్కడ రద్దు చేయడానికి 24 గంటలే గడువు. అది దాటితే వాళ్లకి మామూలుగా మిగిలే దారి క్రెడిట్ నోటే. “రద్దు చేయండి” అని మాత్రమే అడిగితే “ఇప్పుడు కుదరదమ్మా” అనే జవాబు రావచ్చు. అందుకే క్రెడిట్ నోట్ సంగతి మెసేజ్‌లోనే అడగడం మేలు.

సాయంత్రానికి జవాబొచ్చింది: “ఓకే అమ్మా, క్యాన్సిల్ చేశాం.”

ఏది? మళ్లీ మొదటికే వచ్చాం. ఇంత వివరంగా అడిగినా ఇలాంటి జవాబులు మామూలే, విసుక్కుని లాభం లేదు. అమ్మాయి ఇంకో లైను పంపింది: “431 ఉంచి, 417 తీసేశారు, అంతేనా అండీ?” ఈసారి “అవును, 417 పొరపాటున తమ్ముడి గారి పేరు మీద పడింది” అని వచ్చింది. ఆ రెండు లైన్ల స్క్రీన్‌షాట్ తీసి, ఈ-వే బిల్లుతో కలిపి 431కి గుచ్చి పెట్టింది. రేపు ఎవరైనా ఈ-వే బిల్లులో ఒక నంబరు, పుస్తకంలో మరో నంబరు ఎందుకున్నాయని అడిగితే చూపించడానికి అదే ఆధారం.

డబ్బు మాత్రం అప్పుడే కట్టలేదు. 14వ తేదీన జీఎస్టీఆర్-2బీ తయారయ్యాక ముందు అన్నది తెరిచి 431 ఉందో లేదో, తర్వాత తమ్ముడిది తెరిచి 417 లేదో ఉందో చూసింది. 431 ఒక్కటే కనిపించింది. 70,800 పంపించి, కింద 431 అని రాసింది.