బండి దగ్గరే తేలాల్సిన లెక్క

హైదరాబాద్‌లో ఒక మోస్తరు రెస్టారెంటు. పొద్దున్నే వెనక గుమ్మం దగ్గర కోల్డ్ బండి ఆగుతుంది. క్యాబిన్‌లో చిన్న తెర మీద 3 డిగ్రీలు కనిపిస్తుంది. డ్రైవరు దాన్ని చూపించి సంతకం అడుగుతాడు. తొందరలో ఉన్న స్టోర్ కీపర్ సంతకం పెట్టేస్తాడు. చాలా వంటశాలల్లో పొరపాటు మొదలయ్యేది ఇక్కడే.

ఆ తెర చెప్పేది బండిలోని గాలి సంగతి, మాంసం సంగతి కాదు. దారిలో డీజిల్ ఆదా కోసం కూలింగ్ ఆపేసి, చేరబోయే ముందు మళ్లీ వేశారనుకుందాం. గాలి కొద్ది నిమిషాల్లోనే చల్లబడుతుంది. పది కిలోల చికెన్ క్రేటు అంత త్వరగా చల్లబడదు. అందుకే సరుకునే కొలవాలి. చల్లగా ఉంచాల్సిన మాంసం, పనీరు, పాలు 5 డిగ్రీల సెల్సియస్‌లోపు ఉండాలి. గడ్డకట్టిన సరుకైతే మైనస్ 18 డిగ్రీలు.

కొలవడానికి కావాల్సింది సూది మొన ఉన్న ప్రోబ్ థర్మామీటర్. అది నిజం చెబుతోందో లేదో ముందు చూసుకోవాలి. గ్లాసు నిండా నలగ్గొట్టిన ఐసు పోసి, కాస్త నీళ్లు కలిపి, సూది ముంచితే సున్నా డిగ్రీలు రావాలి. ఒక డిగ్రీ కంటే ఎక్కువ తేడా ఉంటే దాన్ని సరిచేయాలి, లేదా మార్చాలి. మరిగే నీళ్లతో చూద్దామంటే హైదరాబాద్‌లో చిక్కుంది. ఈ ఊరు సముద్ర మట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తున ఉంది కాబట్టి ఇక్కడ నీళ్లు సుమారు 98 డిగ్రీలకే మరుగుతాయి.

ప్యాకెట్టుకు చిల్లు పెట్టాల్సిన పని లేదు. శుభ్రం చేసిన సూదిని రెండు ప్యాకెట్ల మధ్య పడుకోబెట్టి, గట్టిగా అదిమి, అంకె నిలకడగా ఆగేదాకా పట్టుకుంటే చాలు. అంకె ఎక్కువగా వస్తే ఒక ప్యాకెట్టు విప్పి మధ్యభాగంలో గుచ్చి చూస్తే అనుమానం తీరుతుంది. దూరం నుంచే చూపించే ఇన్‌ఫ్రారెడ్ గన్ పైపొరనే చదువుతుంది. మెరిసే రేకు మీద అదీ తప్పు చూపిస్తుంది. ఏ క్రేటు కొలవాలన్నదీ ముఖ్యమే. బండి తలుపు తెరిచిన ప్రతిసారీ వేడిగాలి తగిలేది తలుపు పక్కన ఉన్న క్రేటుకే.

ఇప్పుడు ఒక ఉదాహరణ లెక్క చూద్దాం. ఆర్డరులో బోన్‌లెస్ చికెన్ 30 కిలోలు, కిలో 280 రూపాయలు. పనీరు 10 కిలోలు, కిలో 360. బండి వెనక లోపలి క్రేట్లలో చికెన్ 4 డిగ్రీలు ఉంది, తలుపు దగ్గరి 12 కిలోలు మాత్రం 11 డిగ్రీలు. ఆ 12 కిలోలు తిప్పి పంపాలి. ఫ్రిజ్‌లో పెడితే మళ్లీ చల్లబడుతుంది కదా అని డ్రైవరు అనొచ్చు. చలి బాక్టీరియా పెరుగుదలను నెమ్మదింపజేస్తుందే తప్ప, అప్పటికే పెరిగినవాటిని తొలగించదు. అన్నీ వంటతో పోతాయనుకోవడమూ సరికాదు. వేడిలో నిలవ ఉన్న పనీరులో స్టాఫిలోకాకస్ విషం తయారైతే, ట్యూనా లాంటి చేపల్లో హిస్టమిన్ పేరుకుంటే, ఎంత ఉడికించినా ఆ విషం పోదు.

పనీరు చల్లగానే ఉంది, కానీ కాంటా మీద 8 కిలోలే తూగింది. బిల్లులో 10 కిలోలు, అదీ 380 చొప్పున.

తూకం, డిగ్రీలు, తిప్పి పంపిన బరువు, కారణం, సమయం అన్నీ చలాన్ రెండు ప్రతుల మీదా అక్కడే రాయాలి. డ్రైవరు సంతకం తీసుకోవాలి. బండి వెళ్లిపోయాక ఫోనులో చెప్పే మాటకు రుజువు ఉండదు. ఇదంతా జరుగుతుండగా తీసుకున్న చికెన్, పనీరు ఎండలో కూర్చోకూడదు. చల్లటి సరుకును ముందు తేల్చి లోపలికి పంపి, బియ్యం, పప్పుల బస్తాలు ఆ తర్వాత లెక్కపెట్టుకోవచ్చు.

డబ్బు చెల్లించే గుమాస్తా ముందు మూడు కాగితాలు ఉండాలి: ఆర్డరు, అందిన సరుకు చీటీ, బిల్లు. పన్ను పక్కన పెడితే, బిల్లు 12,200 రూపాయలు. నిజంగా చెల్లించాల్సింది 18 కిలోల చికెన్‌కు 5,040, ఎనిమిది కిలోల పనీరుకు ఒప్పుకున్న ధర చొప్పున 2,880, మొత్తం 7,920. తేడా 4,280. ఇందులో తిప్పి పంపిన చికెన్ 3,360, రాని పనీరు 760, పెంచి వేసిన ధర 160. బిల్లు మీద పెన్నుతో కొట్టేసి తక్కువ చెల్లిస్తే అమ్మినవారి ఖాతాలో బాకీ అలాగే మిగిలిపోతుంది. అందుకని 4,280కి, దాని మీద పడ్డ పన్నుకు కలిపి, వారి నుంచి క్రెడిట్ నోట్ తెప్పించుకోవాలి.

ఈ మూడిట్లో చివరి 160 రూపాయలే ఎక్కువగా కంటికి ఆనదు. తూకం చూసినవాడికి ధర తెలియదు, ధర తెలిసినవాడు సరుకు చూడడు. ఆర్డరు ప్రతి ఒకటి స్టోర్ కీపర్ చేతిలో కూడా ఉంటే, ధర తేడా ఉందని బండి ఉండగానే చలాన్ మీద రాయించవచ్చు.