అద్దం ఫొటోలో దుస్తుల లోపాలు: ఏవి నిజం?

చిల్పూర్‌లో మా బంధువుల అమ్మాయి బి.ఎడ్. ముగించి, టీచరు ఉద్యోగం కోసం మొదటి ఇంటర్వ్యూకు హన్మకొండ వెళ్లవలసి వచ్చింది. ముందురోజు మగ్రిబ్ నమాజు తర్వాత బీరువా అద్దంలో తన ఫొటో తీసుకుని మాకు చూపింది. నేవీ బ్లూ కమీజు, నల్ల స్కార్ఫు. "ఆపా, భుజం దగ్గర ముడతలు చూడండి, కుట్టు చెడిపోయింది. రాత్రికి రాత్రి కొత్త జత ఎక్కడ తేను?" అని దిగులుపడింది.

కుట్టు చెడలేదు. ఫోన్ పట్టుకున్న చేయి పైకి లేచి ఉంది. చేయి ఎత్తితే చంక దగ్గర గుడ్డ లాగుకుపోతుంది, ఆ వైపు అంచూ లేస్తుంది. అందుకని తమ్ముడి చేతికి ఫోన్ ఇచ్చి, చేతులు రెండూ కిందికి వదలి నిలబడమన్నాము. ఫోన్‌ను నడుము ఎత్తులో, నాలుగడుగుల దూరంలో ఉంచాడు. దగ్గరగా, ఎత్తు నుంచి తీస్తే తల పెద్దగా, కాళ్లు పొట్టిగా పడతాయి. రెండో ఫొటోలో ఆ ముడతలు లేవు.

మన ఆడపిల్లలు దుస్తులు వదులుగానే కుట్టించుకుంటారు. అయితే వదులు వేరు, కొలత తప్పడం వేరు. తేడా భుజం దగ్గర తెలుస్తుంది. భుజం కుట్టు ఎముక చివరన నిలవాలి. రెండు వేళ్ల వెడల్పు కిందికి జారితే, ఎంత మంచి కమీజైనా ఎరువు తెచ్చుకున్నట్టుంటుంది. అది ఒక్క రాత్రిలో సరిచేసే పని కాదు. ఛాతీ మీద అడ్డంగా గీతలు లాగితే బిగుతు. నిలువు మడతలు పడితే చోటుందన్నమాట. ఈమెకు భుజం కుదిరింది గానీ చేతులు వేళ్ల కణుపుల దాకా వచ్చాయి. అంగుళం లోపలికి మడిచి, వాళ్ల అమ్మ సూదితో కుట్టేసింది. తర్వాత కుర్చీలో కూర్చోబెట్టి మరో ఫొటో తీయించాము. ఇంటర్వ్యూ జరిగేది కూర్చునే కదా!

రంగుల తీర్పు మాత్రం రాత్రి ఇవ్వలేదు. పసుపు బల్బు కింద నేవీ బ్లూ, నలుపు ఒకటిగానే కనిపించాయి. తెల్లవారి వెలుతురు వచ్చాక, లైటు ఆర్పి, ఎండ నేరుగా పడని గుమ్మం దగ్గర నిలబడి, చేతిలో తెల్ల కాగితం పట్టుకోమన్నాము. ఫొటోలో కాగితం పచ్చగానో నీలంగానో పడితే తక్కిన రంగులూ తప్పే. ఇక్కడ తెల్లగానే పడింది. అప్పుడు బయటపడింది: ఉతికి ఉతికి నల్ల స్కార్ఫు గోధుమ రంగుకు తిరిగింది. చక్కని నీలం పక్కన అది మరీ వెలిసినట్టుంది.

అక్క స్కార్ఫులు రెండు తెచ్చారు. గులాబీది ముదురు రంగు. చూపు ముఖం మీద నిలవకుండా దానిమీదికే పోయింది. లేత బూడిద రంగుది కట్టి, ఫొటోను నలుపు తెలుపులోకి మార్చి చూశాము. కమీజు ముదురుగా, స్కార్ఫు లేతగా వేరుపడి, మధ్యలో ముఖం స్పష్టంగా నిలిచింది. ఇది లేత, ముదురు తేడాను చెప్పే పరీక్ష మాత్రమే. రెండు రంగులు పొసగాయా లేదా అన్నది పగటి వెలుతురులో కళ్లతోనే చూసుకోవాలి. ఫోన్‌లో చర్మాన్ని తెల్లబరిచే అమరిక ఉంటే ముందే తీసేయాలి.

ఖుర్ఆన్ ఆరాఫ్ సూరా 31వ వాక్యం అలంకరణ మాట చెబుతూనే దుబారాను వారిస్తుంది. ఆ అమ్మాయికి కొత్త జత అవసరం పడలేదు. అక్క స్కార్ఫుకు ఇస్త్రీ చేసుకుని, ఉదయం బస్సుకు బయలుదేరింది.