లిమిట్ లెక్కకు మార్కులు మళ్లీ అడిగే ఈమెయిల్

x సున్నాను సమీపించినప్పుడు (1 − cos x)/x² అవధి 1/2. ప్రొఫెసర్ కీలో లోపిటాల్ నియమాన్ని రెండుసార్లు వాడారనుకుందాం. విద్యార్థి మాత్రం లవాన్నీ హారాన్నీ (1 + cos x)తో గుణించి, దాన్ని (sin x/x)² · 1/(1 + cos x)గా మార్చాడు. మొదటి భాగం అవధి 1, రెండోదాని అవధి 1/2; లబ్ధం 1/2. పద్ధతి సరైనదే, అయినా మార్కులు పోయాయి.

ఈమెయిల్‌లో ప్రశ్న సంఖ్య, మార్కులు తగ్గించిన మెట్టు, ఈ రెండు వరుసలు ఉంటే చాలు. sin x/x అవధి 1 అని తరగతిలో ముందే నిరూపించారన్న సంగతి కూడా చెప్పాలి. వాదనకు బలం అదే. జవాబు కలిసిందని మాత్రమే రాస్తే సరిపోదు, ఎందుకంటే తప్పు దారిలోనూ 1/2 రావచ్చు. “సార్, రెండో మెట్టులో లోపముంటే చెప్పండి” అని అడగడం ఫిర్యాదు కంటే మర్యాద. ప్రశ్నలోనే లోపిటాల్ నియమం వాడమని ఉంటే ఆ మార్కులు అడగకూడదు.