దుఃఖం వున్న యింట్లో ఏ పాట?

మన వూళ్ళలో ఎవరైనా పోతే ఆ సంగతి మనుషులకంటే ముందు మైకు చెబుతుంది. వీధి మొగలో ఘంటసాలగారి భగవద్గీత వినిపించిందంటే, ఎవరింట్లోనో దీపం కొండెక్కిందన్న మాటే. ఘంటసాల 1974లో కన్నుమూశారు. చివరి రోజుల్లో ఆయన పాడి వుంచిపోయిన ఆ గీత యిప్పుడు చావు యింటి గుర్తై కూర్చున్నది. ఏ ఆదివారం పొద్దుననో ముచ్చటపడి పెట్టుకొంటే పక్క వాటా ఆవిడ కంగారుగా వచ్చి, "ఏమైందండీ?" అని అడుగుతుంది. పాపం, అందులో పాడినవారి దోషమేమీ లేదు. ఆ గొంతులోని గాంభీర్యమే దానిని ఆ వాకిట్లోకి తీసుకొని వెళ్ళింది.

అయితే ఆ యింటి లోపల, గోడకు చేరగిలబడి కూర్చున్న మనిషిని ఒక్కసారి తలచుకోండి. గీతలో కృష్ణుడు ఏడవవద్దంటున్నాడు. ఎవరితో? అర్జునుడితో. అర్జునుడి దుఃఖం యింకా జరగని చావులను గురించి. అతణ్ణి లేపి, చేత విల్లు పట్టించాలి. అవతల వేళ మించిపోతున్నది. మన యిల్లాలు లేచి చేయవలసిన యుద్ధమేమున్నది? జరగవలసిందంతా జరిగిపోయింది. భజన జట్లు రాత్రంతా తాళాలతో పాడే తత్వాల సంగతీ యింతే. దేహం మట్టికుండ అన్న మాట జాగారం చేసేవారికి బాగానే వుంటుంది. నిన్నటిదాకా ఆ కుండతోనే కాపురం చేసిన మనిషికి మాత్రం ఆ మాట వినే ఓపిక వుండదు. ఏడాది గడిచాక ఆమే కోరి వింటే వినవచ్చు.

పోనీ, విషాదగీతాలు పెడితే? మా విద్యార్థులకు ఏటా అలంకారశాస్త్రం చెప్పేటప్పుడు ఈ చిక్కు వస్తుంది. శోకం వేరు, కరుణరసం వేరు. శోకం అనుభవించేవాడిది, రసం చూచేవాడిది. 1953 నాటి "దేవదాసు" పాటలు వింటూ హాలులో కళ్ళు తుడుచుకొన్న ప్రేక్షకుడు యింటికి వచ్చి పెసరట్టు తిన్నాడు. ఆ కన్నీటిలో ఒక తీపి వున్నది. సొంత మనిషిని పోగొట్టుకొన్నవారికి ఆ తీపి రుచించదు. పై స్థాయికి ఎక్కి గుండెలు కోసే పద్యం వాళ్ళ ఏడుపును వాళ్ళ చేతిలోనుంచి లాక్కొని, దానినొక ప్రదర్శన చేస్తుంది.

అందుచేత నాకు తోచిన దారి రామదాసు కీర్తనలు. భక్తి వున్నదని కాదు, అందులోని ప్రశ్నకు జవాబు లేదని. కంచెర్ల గోపన్న గోలకొండ చెరలో దాదాపు 12 సంవత్సరాలు మగ్గినాడనీ, ఆ చీకట్లోనే వీటిలో చాలా భాగం పాడినాడనీ మనవారు చెప్పుకొంటారు. "ఏ తీరుగ నను దయజూచెదవో" కీర్తన ఆసాంతం ఒక అడుగుడు. దయ ఎలా వస్తుందో అతనికి తెలియదు. వస్తుందని మనకూ హామీ యివ్వడు. "పలుకే బంగారమాయెనా" మరీ చిత్రం. అవతలివాడు ఒక్క మాటైనా పలకడం లేదని దాని ఫిర్యాదు. పక్కన ఖాళీ అయిన మంచం వైపు చూస్తున్న మనిషికి యింతకంటే తెలిసిన సంగతి ఏమున్నది?

రాగం కూడా కలిసివస్తుంది. "ఏ తీరుగ" కీర్తనను నాదనామక్రియలో పాడతారు. అది నిషాదాంత్య రాగం. అంటే, కింది నిషాదం నుంచి పై నిషాదం దాకానే దాని తిరుగుడు. పై షడ్జం అందుకోవాలని చూడదు. చిన్న వసారాలో అటూ యిటూ నడుస్తున్నట్లు ఆ కొద్ది స్వరాల మధ్యనే మెల్లగా తిరుగుతుంది. ఎక్కడా అరుపు లేదు, ఎక్కడా పతాకం లేదు. శాస్త్రీయం రానివారైనా గొంతు నొప్పి లేకుండా పాడుకోగలగడానికి అదే కారణం.

దుఃఖంలో కోపం కూడా వుంటుంది. డాక్టరు మీద, దేవుడి మీద, ఒక్కొక్కప్పుడు పోయినవారి మీదనే. ఆ కోపం బయటపడితే చుట్టాలు "తప్పు తప్పు" అంటారు. రామదాసు "ఇక్ష్వాకు కులతిలక" చూడండి. నగలకు అయిన ఖర్చు లెక్కలు తీసి, రాముణ్ణి నిలబెట్టి తిట్టిపోశాడు. ఆ మీదట, తిట్టినందుకు నొచ్చుకోవద్దనీ, బాధ ఓర్చుకోలేక అన్నాననీ తనే సర్ది చెప్పుకొన్నాడు. తిట్టూ ఆ కంటతడీ ఒకే పాటలో యిమిడిపోయాయి. అయితే యిది మొదటిరోజు పాట కాదు. అటువంటి కోపం ఆ మనిషి నోట మీరు విన్న తర్వాతనే.

ఎలా పాడాలో కూడా కొంచెం చెప్పాలి. మా వీధిలో ఒక పెద్దాయనకు భార్య పోయింది. నలభై తొమ్మిదేళ్ళ కాపురం. మూడవ రోజు సాయంత్రం, జనం పలుచబడ్డాక, ఆయన వదినగారు వచ్చింది. ఎదుట కూర్చోలేదు, పక్కగా, కొంచెం వెనకగా, స్తంభానికి ఆనుకొని కూర్చుంది. ఎదుట కూర్చుంటే, విన్నందుకు ముఖంలో ఏదో చూపించవలసి వస్తుంది గదా. "పాడనా, మరిదీ?" అని ఒక్క మాట అడిగింది. ఆయన తల ఆడించలేదు, కాదనలేదు. ఆమె కాసేపు ఆగి, తన మామూలు శ్రుతికంటే బాగా తగ్గించి "ఏ తీరుగ" ఎత్తుకొంది. తాళం లేదు. పల్లవి, ఒక చరణం, మళ్ళీ పల్లవి. చివర మంగళం పాడలేదు. అటువంటి యిళ్ళలో పాడరు. "మనసు కుదుటపడిందా?" అనీ అడగలేదు. ఆయన చాలాసేపు ఊరుకొని, "చారులో దానికి ఉప్పు ఎప్పుడూ తక్కువే, వదినా" అన్నాడు. అప్పుడు భోరుమన్నాడు. ఆవిడ ఆపలేదు.

వినేవారు చటుక్కున కళ్ళు తుడుచుకొని, "బాగా పాడావమ్మా" అని మర్యాద చేశారంటే పాట భారమైందని గుర్తు. అక్కడికి ఆపవలసిందే. ఊపిరి నిదానించినా, భుజాలు జారినా, సంబంధం లేని చిన్న విషయమేదైనా చెప్పడం మొదలుపెట్టినా మీరు వున్నది వారికి బరువు కాలేదన్న మాట. కొందరు వద్దని చేయి ఊపుతారు. ఊరికే కూర్చోండి. అశౌచం రోజుల్లో పాటే కూడదనే యిళ్ళూ వున్నాయి. ఆ యింటి పద్ధతిని ఆ యింటికే వదలండి.

పాడేవారు లేకపోతే రికార్డే గతి. మంగళంపల్లి బాలమురళీకృష్ణగారి గొంతులో రామదాసు కీర్తనలు దొరుకుతాయి. పక్క గదిలో మాటలు దానికంటే గట్టిగా వినబడేటంత తక్కువ ధ్వనిలో పెట్టండి. ఒక్క జాగ్రత్త. ఈనాటి ఫోనుకు ఆగడం తెలియదు. కీర్తన ముగిసిన మరుక్షణంలో సబ్బు ప్రకటనో, పెళ్ళి పాటో వచ్చి పడుతుంది. ముందే ఆ ఒక్క పాటను దించి వుంచుకొని, అయ్యేదాకా ఫోను చేతిలోనే పట్టుకోండి.

పోయినవారు యింట్లో రోజూ కూనిరాగం తీసిన పాట ఒకటి వుంటుంది. దానిని మాత్రం మీరు ఎత్తుకోవద్దు. నెలకో, ఆరు నెలలకో ఆ యింటివారే, వంటింట్లో గిన్నెలు సర్దుతూ, దానిని తమకు తెలియకుండా మొదలుపెడతారు.