కళ్లజోడు ప్యాకేజీ లాభమా... నష్టమా?
పాత ఫ్రేముతో ధర అడిగితే అసలు లెక్క తేలుతుంది

కర్నూలు: ‘ఫ్రేము, అద్దాలు కలిపి ఒకే ధర’ అన్న బోర్డులు కళ్లజోళ్ల దుకాణాల ముందు కనిపిస్తుంటాయి. కర్నూలులోని ప్రాంతీయ కంటి ఆసుపత్రిలోనో, కడపలోని సర్వజన ఆసుపత్రిలోనో పరీక్ష చేయించుకుని చీటీతో బయటకు వచ్చిన వారికి ఆ ధర న్యాయమైనదో కాదో తేల్చుకోవడం కష్టమే. బోర్డుపై ఉన్న ధర సాధారణంగా ఒకే చూపు ఉన్న మామూలు అద్దాలకే వర్తిస్తుంది. నలభై దాటిన వారికి దూరం, దగ్గర రెండూ కనిపించే బైఫోకల్ అవసరమైతే లెక్క మారిపోతుంది.

ఇలా పోల్చాలి

ఉదాహరణకు ఆలూరు నుంచి వచ్చిన ఒక రైతుకు బైఫోకల్ రాశారనుకుందాం. మొదటి దుకాణంలో ప్యాకేజీ రూ.1,500. చీటీ చూశాక బైఫోకల్‌కు రూ.600, వెలుతురు మెరుపు తగ్గించే పూతకు రూ.400 కలిపి రూ.2,500 అన్నారు. రెండో దుకాణంలో ఫ్రేము రూ.900, పూతతో అద్దాల జత రూ.1,300, బిగింపు రూ.100, మొత్తం రూ.2,300 అన్నారు.

ఇప్పుడు మొదటి దుకాణంలో ‘ఇవే అద్దాలు నా పాత ఫ్రేముకు వేస్తే ఎంత?’ అని అడగాలి. రూ.1,600 అంటే ఫ్రేముకు పడుతున్నది రూ.900. అంటే తేడా అద్దాలదే. రూ.2,300 అంటే మాత్రం ఫ్రేము విలువ రూ.200 మాత్రమేనని, లాభమంతా అద్దాల్లో వేశారని గ్రహించాలి.

రూ.200 ఎక్కువ ఇవ్వవచ్చా?

అద్దాల కంపెనీ పేరు, పూత రకం, హామీ కాలం బిల్లుపై రాయించుకోవాలి. రెండుచోట్లా అవే ఉంటే తక్కువ ధరే మేలు. దుమ్ములో తిరిగి, తువ్వాలుతో తుడుచుకునే వారికి గీతలను తట్టుకునే గట్టి పూత ఉపయోగపడుతుంది. దానికి రాతపూర్వక హామీ ఇస్తే రూ.200 సబబే. ‘బ్లూ కట్’ పేరిట అదనంగా అడిగితే ఆలోచించాలి. కంటి అలసటను తగ్గించడంలో మామూలు అద్దాల కంటే వీటికి ప్రత్యేక ప్రయోజనం కనిపించలేదని 2023లో వెలువడిన కాక్రేన్ సమీక్ష తేల్చింది.

తీసుకునేటప్పుడు

అద్దాన్ని ట్యూబులైటు కింద వంచి చూడాలి. మెరుపు తగ్గించే పూత ఉంటే ప్రతిబింబం మందంగా, పచ్చగానో ఊదాగానో కనిపిస్తుంది. తెల్లని లైటు యథాతథంగా మెరిస్తే పూత లేనట్లే. పవరు చీటీ ప్రకారం ఉన్నదీ లేనిదీ దుకాణంలోని లెన్సోమీటరుపై తమ ఎదుటే చూపించమనాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి చూపు సరిచేసే కళ్లజోళ్లపై జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. బిల్లులో పాత శాతం వేస్తే ప్రశ్నించవచ్చు. అద్దాలు ఆర్డరుపై తెప్పించాల్సి వస్తే మళ్లీ రానుపోను బస్సు చార్జీలనూ ధరలో కలుపుకొని పోల్చుకోవాలి.